జోసెఫ్ స్మిత్ తర్వాత ఎవరు: పేపర్లో కరిష్మాని ఎలా వివరించాలి?

వానచినుకు:
అందరికీ నమస్తే అండి. సోషియాలజీలో పీహెచ్‌డీ రెండో ఏడు. కొత్త మతం ఒకటి ఎలా లేస్తుంది, దాన్ని పెట్టినాయన పోయాక ఎలా నిలబడుతుంది అన్నదాని మీద పేపర్ రాస్తున్నా, కేసుగా అమెరికాలో పుట్టిన మోర్మన్ల మతాన్ని తీసుకున్నా. 1830లో జోసెఫ్ స్మిత్ చర్చి పెట్టడం, 1844 జూన్ 27న ఇల్లినాయ్‌లోని కార్తేజ్ జైల్లో ఆయన్నీ వాళ్ళన్న హైరంనీ గుంపు వచ్చి కాల్చి చంపడం, ఆగస్టుకల్లా పగ్గాలు బ్రిగమ్ యంగ్ చేతికి రావడం, ఇంతవరకు కథ బానే వచ్చింది.

మా గైడ్ గారు డ్రాఫ్ట్ తిప్పి పంపించారు. నేను రాసిన ఈ రెండు వాక్యాల కింద ఎర్రగీత గీశారు: "జోసెఫ్ స్మిత్‌కి అసాధారణమైన కరిష్మా ఉండడం వల్ల వేలమంది ఆయన వెంట నడిచారు. ఆయన మరణం తర్వాత ఆ కరిష్మా బ్రిగమ్ యంగ్‌కి బదిలీ అయింది." పక్కన ఒకటే ప్రశ్న రాశారు, కరిష్మా ఉందని నీకెలా తెలిసింది అని. కరిష్మా మీద రాసిన సమాజశాస్త్రవేత్త మాక్స్ వెబర్‌ని కోట్ చేశాను కదా ఇంకేం కావాలో అర్థం కాలేదు, రెండ్రోజుల నుంచి అదే పేజీ ముందు కూర్చున్నా. ఎవరైనా ఇలాంటి పేపర్ రాసినవాళ్ళుంటే చెప్పండి ప్లీజ్.

సూటిగా:
ఇందులో తికమక ఏముంది? కరిష్మా అంటే మనిషిలో ఉండే ఆకర్షణ. మాట తీరు, చూపు, నమ్మకంగా నిలబడే పద్ధతి. ఆయన్ని కలిసినవాళ్ళు రాసిపెట్టిన డైరీలు, ఉత్తరాలు బోలెడు ఉంటాయి, వాటిల్లోంచి ఆయన ఎంత ప్రభావం చూపించాడో నాలుగు కోట్స్ తీసి పెట్టు, ఉందని రుజువైపోతుంది. బ్రిగమ్ యంగ్ మీద కూడా అలాంటివే పెట్టు. గైడ్ అడిగింది ఎవిడెన్సే కదా.

పాతకాగితాలు:
సూటిగా గారూ సగం దారి చూపించారు, డైరీలు చూడాలన్నది నిజమే. కానీ వాటిల్లో వెతకాల్సింది ఆయన ఎంత ఆకర్షణీయంగా ఉన్నాడని కాదు.

వానచినుకూ, నీ వాక్యం గుండ్రంగా తిరుగుతోందమ్మా. జనం ఎందుకు నడిచారు అంటే కరిష్మా ఉంది కాబట్టి, కరిష్మా ఉందని ఎలా తెలుసు అంటే జనం నడిచారు కాబట్టి. మీ గైడ్ పట్టుకున్నది ఇదే. వెబర్ చెప్పింది జాగ్రత్తగా చూస్తే ఆ గుణం మనిషిలో నిజంగా ఉందా లేదా అన్నది ఆయనకి పట్టనే లేదు, ఉందని అనుచరులు ఒప్పుకోవడమే ఆయనకి ముఖ్యం. జోసెఫ్ స్మిత్ పేరు కూడా ఆయన ఎత్తాడు, ఆ మనిషి మహా తెలివైన మోసగాడే అయ్యుండొచ్చు, అది తేల్చలేం అంటూనే కరిష్మాటిక్ నాయకుల లెక్కలోనే పెట్టాడు. అంటే కరిష్మా ఒకళ్ళ జేబులో ఉండే వస్తువు కాదు, ఇద్దరి మధ్య ఉండే సంబంధం. అందుకే దాన్ని కారణంగా రాయకు, వివరించాల్సిన విషయంగా రాయి. ఎవరు ఒప్పుకున్నారు, ఏ రోజు, ఏం చూసి ఒప్పుకున్నారు, ఎవరు వెనక్కి తీసుకున్నారు.

ఒక ఉదాహరణ చెప్తా. చర్చి పెట్టింది 1830 ఏప్రిల్ 6న. సెప్టెంబర్‌కల్లా, అంటే ఐదు నెలలకే, హైరం పేజ్ అనే సభ్యుడు తన దగ్గరున్న ఒక రాయి ద్వారా చర్చికి దైవసందేశాలు వస్తున్నాయన్నాడు. అది ఎవరో దారినపోయేవాళ్ళు నమ్మడం కాదు, మోర్మన్ గ్రంథం రాతప్రతిలో చాలాభాగం తన చేత్తో రాసిన ఆలివర్ కౌడరీయే నమ్మాడు, విట్మర్ కుటుంబం నమ్మింది. ఆలోచించు, అప్పటికి జోసెఫ్ కూడా రాయి చూసి గ్రంథం చెప్పినవాడే, పేజ్ చేస్తున్నదీ అదే పని. కరిష్మా మనిషి గుణమైతే ఇక్కడ గొడవే రాకూడదు. జోసెఫ్ ఏం చేశాడంటే కౌడరీని ఉద్దేశించి ఒక దైవప్రకటన ఇచ్చాడు, చర్చి మొత్తానికి ఆజ్ఞలు అందుకునేది జోసెఫ్ ఒక్కడే అని. ఇప్పుడది "సిద్ధాంతము మరియు నిబంధనలు" అనే వాళ్ళ గ్రంథంలో 28వ భాగం. తర్వాత జరిగిన సభలో అందరూ, పేజ్‌తో సహా, ఆ రాయిని వదిలేశారు. నీ పేపర్‌కి కావాల్సింది ఆ సభ. అక్కడ గుర్తింపు జరుగుతూ కళ్ళకి కనపడుతుంది.

కొత్తపాఠకుడు:
మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోకండి. ఇంతకీ ఆయన నిజంగా ప్రవక్తేనా కాదా? మోర్మన్ గ్రంథం వాటి మీదే రాసి ఉందని ఆయన చెప్పిన బంగారు రేకులు దొరికాయన్నది నిజమా? అది తేలకుండా కరిష్మా గురించి ఎంత రాసినా ఏం లాభం, అబద్ధమైతే జనం మోసపోయారు అని రాస్తే అయిపోతుంది, నిజమైతే దేవుడు నడిపించాడు అని రాస్తే అయిపోతుంది కదా.

పాతకాగితాలు:
మీరడిగింది పెద్ద ప్రశ్నే, కానీ ఈ పేపర్ ప్రశ్న అది కాదండి. మీరన్న రెండు జవాబుల్లో ఏది తీసుకున్నా ఒక విషయం మిగిలిపోతుంది. 1837లో ఒహాయోలోని కర్ట్‌లాండ్‌లో చర్చి నాయకులు పెట్టిన బ్యాంకింగ్ సంస్థ కూలిపోయింది, జనం డబ్బు పోయింది, పెద్దపెద్దవాళ్ళు జోసెఫ్‌కి ఎదురు తిరిగారు. రేకుల్ని దేవదూత చూపించాడని సంతకం పెట్టిన ముగ్గురు సాక్షులు, కౌడరీ, డేవిడ్ విట్మర్, మార్టిన్ హారిస్, ముగ్గురూ 1838 ముగిసేలోపు చర్చి బయట ఉన్నారు. అయినా ముగ్గురిలో ఒక్కరు కూడా రేకులు చూశామన్న సాక్ష్యాన్ని వెనక్కి తీసుకోలేదు. మోసం అంటే వాళ్ళు సాక్ష్యం ఎందుకు వదల్లేదో చెప్పలేం, దేవుడు నడిపించాడు అంటే జోసెఫ్‌ని ఎందుకు వదిలేశారో చెప్పలేం. సమాజశాస్త్రం చెప్పగలిగింది ఒకటుంది: వాళ్ళు గ్రంథాన్ని ఒప్పుకున్నారు, మనిషిని ఒప్పుకోవడం మానేశారు. ఈ రెండూ విడిపోగలవు.

వానచినుకు:
అయ్యో, ఈ బ్యాంకు సంగతి నేను ఫుట్‌నోట్‌లో పడేశాను! "కొన్ని ఆర్థిక ఇబ్బందులు" అని రాసి వదిలేశా. ఇప్పుడు చూస్తే అసలు చాప్టర్ అక్కడే ఉన్నట్టుంది. సరే, జోసెఫ్ నాయకుడిగా పైకి రావడం అనే భాగం ఇలా సంఘటనల మీద రాస్తాను. కానీ వారసత్వం ఎలా రాయాలి? బదిలీ అయింది అనకూడదు అంటే ఏమనాలి మరి, మాట దొరకట్లేదు.

మల్లిక:
నేను చదువుకున్నది వేరే, ఈ వెబర్ గారూ అవీ తెలీవు, కానీ నేను కళ్ళారా చూసింది ఒకటుంది చెప్తాను, ఉపయోగపడితే వాడుకోండి లేకపోతే వదిలేయండి.

మా అమ్మమ్మ ఒక చిన్న ప్రార్థన బృందంలో ఉండేది, మహా అయితే అరవై మంది. నడిపే ఆవిడకి దర్శనాలు వచ్చేవని అందరి నమ్మకం. ఆవిడ హఠాత్తుగా పోయారు, ఎవరి పేరూ చెప్పలేదు. నెల తిరక్కుండానే బృందంలో ఒకాయన తనకీ దర్శనాలొస్తున్నాయన్నాడు, అచ్చం ఆవిడలాగే కళ్ళు మూసుకుని అదే గొంతుతో మాట్లాడేవాడు, వింటుంటే నాకు ఒళ్ళు జలదరించింది. ఇంకొకావిడ ఉండేది, పదేళ్ళు బృందం లెక్కలు చూసింది, ఎవరింట్లో ఎవరికి బాగాలేదు, ఎవరు రెండు వారాలుగా రావట్లేదు అన్నీ ఆవిడకి తెలుసు, ప్రార్థన పుస్తకం రాతప్రతి, గది తాళంచెవి ఆవిడ దగ్గరే ఉండేవి. ఆవిడ ఏ దర్శనం గురించీ చెప్పలేదు, వచ్చే గురువారం ఎప్పట్లాగే కలుద్దాం అంది అంతే. జనమంతా ఆ గురువారం వచ్చారు. ఆయన వెంట ఓ ఏడెనిమిది మంది వెళ్ళారు, రెండేళ్ళకి వాళ్ళూ చెదిరిపోయారు.

నన్ను ఆశ్చర్యపరిచింది తర్వాత జరిగింది. నాలుగైదేళ్ళు గడిచాక మా అమ్మమ్మే అనేది, ఆ మొదటి గురువారం ఈవిడ దీపం వెలిగిస్తుంటే మొహంలో అమ్మే కనిపించింది అని. నేను ఆరోజు పక్కనే ఉన్నాను, అమ్మమ్మ అప్పుడు ఆ మాట అనలేదు. అబద్ధమాడే మనిషి కాదు, నిజంగానే అలా గుర్తుండిపోయింది ఆవిడకి.

పాతకాగితాలు:
మల్లిక గారూ, మీరు తెలీదన్నారు గానీ 1844 ఆగస్టు 8ని దాదాపుగా వర్ణించారు. చెప్తా చూడండి.

జోసెఫ్ చనిపోయేసరికి వారసుడు ఇతనే అని అందరూ ఒప్పుకునే ఏర్పాటు లేదు. వేర్వేరు సందర్భాల్లో వేర్వేరు వాళ్ళకి సూచనలు ఇచ్చాడు, అధికారాలు ఇచ్చాడు. వారసుడు కాగలిగిన హైరం ఆయన పక్కనే చనిపోయాడు. కొడుకు మూడో జోసెఫ్‌కి పదకొండేళ్ళు. చర్చిలో అన్నిటికంటే పైనుండే అధ్యక్షమండలిలో మిగిలిన సిడ్నీ రిగ్డన్ అప్పటికి పిట్స్‌బర్గ్‌లో ఉంటున్నాడు, కబురు తెలిసి ఆగస్టు 3న ఇల్లినాయ్‌లో మోర్మన్లు ఉంటున్న నావూ ఊరికి వచ్చాడు, తనకి దర్శనం వచ్చిందనీ చర్చికి తను సంరక్షకుడిగా ఉండాలనీ చెప్పాడు. అధ్యక్షమండలి తర్వాతి స్థానంలో ఉండే పన్నెండుమంది అపొస్తలుల మండలిలో ఎక్కువమంది ఊళ్ళో లేరు, అమెరికా అధ్యక్ష ఎన్నికల్లో నిలబడ్డ జోసెఫ్ తరఫున ప్రచారానికి పోయారు, వాళ్ళ పెద్ద బ్రిగమ్ యంగ్ ఆరో తారీఖున చేరాడు.

ఎనిమిదిన పొద్దున ఆరుబయట సభ. గాలి ఎక్కువగా ఉండి రిగ్డన్ ఒక బండి మీద నిలబడి దాదాపు గంటన్నర మాట్లాడాడు. ఆయన చేయి తిరిగిన ఉపన్యాసకుడు, వానచినుకూ ఇది గుర్తుపెట్టుకో, వాగ్ధాటే కరిష్మా అయితే ఆ రోజు ఆయనే గెలవాలి. మధ్యాహ్నం యంగ్ మాట్లాడాడు. నేనే కొత్త ప్రవక్తని అనలేదు. జోసెఫ్ చోటు ఎవరూ భర్తీ చెయ్యలేరు, కానీ ఆయన అధికారపు తాళంచెవులు పన్నెండుమందికి ఇచ్చి వెళ్ళాడు అన్నాడు. చేతులెత్తమంటే దాదాపు అందరూ పన్నెండుమంది వైపే ఎత్తారు. అంటే ఓటు పడింది ఒక మనిషికి కాదు, ఒక మండలికి.

యంగ్ మాట్లాడుతుంటే జోసెఫ్ గొంతు వినిపించింది, జోసెఫ్ మొహం కనిపించింది అని చాలామంది సాక్ష్యం చెప్పారు. కానీ అవన్నీ తర్వాతి సంవత్సరాల్లో, దశాబ్దాల్లో చెప్పుకున్న జ్ఞాపకాలు, ఆ రోజుల్లోనే రాసుకున్న డైరీల్లో ఆ అద్భుతం స్పష్టంగా కనపడదు. మీ అమ్మమ్మగారి దీపం లాగే.

సూటిగా:
నేను మొదట చెప్పింది వెనక్కి తీసుకుంటున్నా, రిగ్డన్ ఉదాహరణతో నా వాదన నిలవదని అర్థమైంది. కానీ ఇప్పుడు మీరు రెండో చివరకి వెళ్ళిపోతున్నారనిపిస్తోంది. అంటే జోసెఫ్‌ది కరిష్మా, యంగ్‌ది ఉత్త ఆఫీసు పని, మండలి, ఓట్లు, తాళాలు అంతేనా? మరి ఆ ఉత్త ఆఫీసు పనికి జనం 1846లో చలికాలంలో ఇళ్ళు వదిలేసి ఆయన వెనక ఎడారికి పోయారా?

పాతకాగితాలు:
ఇది సరైన అడ్డుపుల్ల. నేను కూడా ఒకప్పుడు ముందు కరిష్మా, తర్వాత రొటీన్ అని రెండు డబ్బాలు గీసి రాసేవాణ్ణి. అలా రాస్తే రెండు తప్పులొస్తాయి.

మొదటిది, జోసెఫ్ బతికుండగానే రొటీనైజేషన్, అంటే కరిష్మా మెల్లగా వ్యవస్థగా మారడం, మొదలైంది. పన్నెండుమంది మండలి పెట్టింది 1835లో, ఆయనే పెట్టాడు. నావూలో ఆయన మేయరు, సైనిక దళానికి లెఫ్టినెంట్ జనరల్, చర్చి ఆస్తులకి ట్రస్టీ. చనిపోయాక ఏది చర్చి ఆస్తి ఏది సొంతం అన్నదాని మీద భార్య ఎమ్మాకీ పన్నెండుమందికీ పెద్ద తగాదా వచ్చింది. నాయకుడు పోయాక వ్యవస్థ నిలబడాలని అందరికంటే ఎక్కువ కోరుకునేది చుట్టూ ఉన్న సిబ్బందీ, జీవితాన్ని దానిమీద పెట్టినవాళ్ళూ అని వెబర్ అన్నది ఇక్కడ అక్షరాలా కనిపిస్తుంది. స్థలాలు కొన్నవాళ్ళు, సగం కట్టిన మందిరానికి కూలీ చేసినవాళ్ళు, వాళ్ళకి చర్చి ఆగిపోతే ఏమీ మిగలదు.

రెండోది, మీరన్నట్టు యంగ్‌కి కూడా గుర్తింపు ఉంది, అది వేరే దారిలో వచ్చింది. 1839 నుంచి 41 దాకా పన్నెండుమందిలో ఎక్కువమంది బ్రిటన్‌లో ప్రచారం చేశారు, వేలమంది చేరారు, వాళ్ళలో చాలామంది ఓడలెక్కి నావూకి వచ్చారు. వాళ్ళకి ఈ మతాన్ని పరిచయం చేసింది జోసెఫ్ కాదు, యంగూ ఆయన తోటివాళ్ళూ. ఆ సభలో చేతులెత్తినవాళ్ళలో వీళ్ళున్నారు. ఇంకొకటి, జోసెఫ్ చివరి రెండేళ్ళలో మందిర సంస్కారాలు కొద్దిమందికే ఇచ్చాడు, ఆ కొద్దిమందిలో పన్నెండుమందిలో చాలామంది ఉన్నారు. 1845 డిసెంబర్ నుంచి 46 ఫిబ్రవరి దాకా పూర్తికాని మందిరంలోనే రాత్రింబవళ్ళు ఐదువేల మందికి పైగా ఆ సంస్కారాలు చేయించారు. ఎక్కువమంది ఆ తర్వాతే బయల్దేరారు. మీరడిగిన చలికాలం ప్రయాణానికి జవాబు అందులో కొంత ఉంది, ఒకప్పుడు ఒక్క మనిషి దగ్గరున్న పవిత్రత ఇప్పుడు ఒక సంస్కారంలో ఉంది, దాన్ని ఇవ్వగలిగేది పన్నెండుమంది.

రాత్రిచదువు:
మీరందరూ గెలిచినవాళ్ళ వైపు నుంచే చూస్తున్నారు. జేమ్స్ స్ట్రాంగ్‌ని పేపర్లో పెట్టకపోతే ఇది సగం పేపరే. 1844 ఫిబ్రవరిలో బాప్తిస్మం తీసుకున్న మనిషి, జోసెఫ్ తనని వారసుడిగా నియమించాడని ఉత్తరం చూపించాడు, దేవదూత అభిషేకించాడన్నాడు, 1845లో విస్కాన్సిన్‌లోని వోరీలో సాక్షుల ముందు రేకులు తవ్వించి తీశాడు, వాటిని అనువాదం చేశాడు. అంటే జోసెఫ్ ఏమేం చేశాడో అన్నీ చేశాడు. మార్టిన్ హారిస్ కొన్నాళ్ళు ఆయన వైపు వెళ్ళాడు, జోసెఫ్ తమ్ముడు విలియం వెళ్ళాడు. 1850లో బీవర్ ద్వీపంలో రాజుగా కిరీటం పెట్టుకున్నాడు. 1856లో తుపాకీ దెబ్బలు తిని కొన్ని వారాలు బతికి ఉండి కూడా వారసుణ్ణి చెప్పలేదు, గుంపు చెదిరిపోయింది.

యంగ్ వైపు చూడండి. ఆ "సిద్ధాంతము మరియు నిబంధనలు" పుస్తకంలో 138 భాగాలుంటే అత్యధికం జోసెఫ్‌వి, ముప్పై ఏళ్ళు నడిపిన యంగ్‌ది ఒక్కటి, 136వది, 1847 జనవరిలో. అది కూడా ప్రయాణానికి జట్లు ఎలా కట్టాలి అన్నదానితో మొదలవుతుంది.

వానచినుకు:
ఇది చదివి లేచి నిలబడ్డాను! అంటే స్థాపకుణ్ణి అచ్చంగా అనుకరించినవాడు ఓడిపోయాడు, అనుకరించనివాడు నిలిచాడు. మల్లిక గారి కథలో కూడా అంతే. ఇదే నా వాదన అని రాసెయ్యొచ్చా?

రాత్రిచదువు:
రాసెయ్యకు. రెండు కేసులు పెట్టి సూత్రం చేస్తే మీ గైడ్ మళ్ళీ ఎర్రగీతే గీస్తారు. స్ట్రాంగ్ చర్చిలోకి వచ్చి నాలుగు నెలలే, నావూలో ఆయన మొహం చూసినవాళ్ళే తక్కువ, ప్రచారకుల వ్యవస్థ ఆయన చేతిలో లేదు. రేకులు తీసినందుకు ఓడిపోయాడా, మనుషులు లేక ఓడిపోయాడా? ఈ రెండూ విడదియ్యడానికి మన దగ్గర దారి లేదు. పైగా నమ్మినవాళ్ళు ఎందుకు నమ్మారంటే ఆ రేకుల వల్లే, యంగ్ దగ్గర దర్శనాలు లేవు ఈయన దగ్గర ఉన్నాయి అని వెళ్ళినవాళ్ళున్నారు.

ఇంకోదారి కూడా చూడు, వంశం. జోసెఫ్ కొడుకు మూడో జోసెఫ్ 1860 ఏప్రిల్ 6న వేరే చర్చికి అధ్యక్షుడయ్యాడు, అప్పటికి ఇరవై ఏడేళ్ళు. అందులో స్మిత్ వంశం వాళ్ళే 1996 దాకా నడిపారు. అది మండలి కాదు, దర్శనమే మూలమూ కాదు, రక్తం. అదీ నిలబడింది.

వానచినుకు:
సరే, పేరా తిరగరాశాను, చూడండి:

"1844 ఆగస్టు 8 సభలో నావూ సభ్యులు జోసెఫ్ స్మిత్ వ్యక్తిగత అధికారాన్ని మరొక వ్యక్తికి ఇవ్వలేదు. ఆయన చేతిమీదుగా అధికారం పొందామని చెప్పిన మండలిని గుర్తించారు. ఆ గుర్తింపుకి బ్రిటన్ ప్రచారంలో ఏర్పడిన అనుబంధాలు, మందిర సంస్కారాలు, సంఘంలో సభ్యులు పెట్టిన శ్రమ, ఆస్తి ఆధారమయ్యాయి. యంగ్ మొహంలో జోసెఫ్ కనిపించాడన్న జ్ఞాపకాలు ఈ నిర్ణయం తర్వాత దానికి దైవసమ్మతి కల్పించాయి."

పాతకాగితాలు:
మొదటి మూడు వాక్యాలూ నిలబడతాయి. నాలుగోదాని దగ్గర ఆగు. "కల్పించాయి" అంటే కావాలని అల్లారు అన్నట్టు చదువుకుంటారు. తర్వాత రాసినంత మాత్రాన ఆ రోజు ఎవరికీ ఏమీ అనిపించలేదని కాదు, యంగ్ గొంతు, చేతుల తీరు జోసెఫ్‌ని గుర్తుచేసి ఉండొచ్చు, ఆ చిన్న అనుభవం చెప్పుకుంటూ చెప్పుకుంటూ పెరిగి ఉండొచ్చు. మనకి తెలిసింది జ్ఞాపకాలు ఎప్పుడు నమోదయ్యాయి అన్నది, అంతవరకే రాయి.

ఇంకొకటి, 1844తో ఆపకు. 1847 జూలైలో సాల్ట్‌లేక్ లోయకి చేరాక, ఆ డిసెంబర్‌లోగానీ యంగ్ అధ్యక్షమండలిని మళ్ళీ ఏర్పాటు చెయ్యలేదు, అంటే మూడేళ్ళు పన్నెండుమంది మండలే నడిపింది. 1877లో యంగ్ చనిపోతే జాన్ టేలర్ కూడా 1880 దాకా మండలి పెద్దగానే ఉన్నాడు. 1898లో విల్ఫర్డ్ వుడ్రఫ్ పోయినప్పుడు మాత్రం లొరెంజో స్నో కొన్ని రోజుల్లోనే అధ్యక్షుడయ్యాడు, అప్పట్నించీ సీనియారిటీ ప్రకారం పెద్ద అపొస్తలుడే వస్తాడు, ఎవరికీ అనుమానం ఉండదు. మూడేళ్ళ విరామం రోజులకి తగ్గడం, రొటీనైజేషన్‌ని కొలవాలంటే నాకు తెలిసి ఇంతకంటే మంచి కొలత లేదు.

సూటిగా:
ఆ కొలత బావుంది. కానీ నాకొకటి ఇంకా మింగుడు పడట్లేదు. అనుబంధాలు, సంస్కారాలు, ఆస్తి అన్నీ ఒప్పుకుంటా, అయితే అవన్నీ ఏర్పడడానికి 1830లో మొదటి పదిమంది ఎందుకు నమ్మారు? అక్కడ ఏ వ్యవస్థా లేదు కదా. అక్కడ మనిషిలో ఏదో ఉండాలిగా.

పాతకాగితాలు:
మొదటి పదిమందిలో ఎక్కువమంది ఇంటివాళ్ళూ, విట్మర్ల లాంటి తెలిసిన కుటుంబాలూ. తండ్రి, అన్నదమ్ములు. అంటే అక్కడా ముందే ఉన్న సంబంధాలున్నాయి. కానీ ఇంటివాళ్ళు మాత్రం ఎందుకు నమ్మారంటే దానికి నా దగ్గర పూర్తి జవాబు లేదు, మీరడిగింది న్యాయమే.

మల్లిక:
మా అమ్మమ్మని అడిగితే, ఆవిడ మాట్లాడుతుంటే నా కష్టం నాకంటే ముందు ఆవిడకి తెలిసినట్టుండేది అనేది. అది గుణమో సంబంధమో మీరే చెప్పాలి.

వానచినుకు:
"కల్పించాయి" తీసేసి "తర్వాతి దశాబ్దాల్లో నమోదైన జ్ఞాపకాలు ఈ నిర్ణయాన్ని దైవసమ్మతంగా వర్ణించాయి" అని మార్చాను. బ్యాంకు సంగతి ఫుట్‌నోట్‌లోంచి పైకి తెచ్చి ముగ్గురు సాక్షులకి రెండు పేజీలు ఇస్తున్నా. స్ట్రాంగ్‌ని వాదనగా కాకుండా, నా వివరణ ఎక్కడిదాకా పనిచేస్తుందో చూపించే కేసుగా పెడతా. మొదటి పదిమంది ప్రశ్న మాత్రం పరిమితుల్లో తెరిచే ఉంచుతున్నాను సూటిగా గారూ, మీ పేరు రాయలేను గానీ ప్రశ్న మీదే. సోమవారం గైడ్ గారికి పంపుతున్నా, ఏమన్నారో ఇక్కడే చెప్తాను.